సరుకు టైముకి పంపలేదా? పార్టీకి క్షమాపణ ఉత్తరం ఇలా రాయండి

తల్లాడ సెంటర్‌లో నిలబడితే ఒక దారి ఖమ్మానికి, ఒకటి సత్తుపల్లికి, ఒకటి కొత్తగూడేనికి పోతుంది. ఇన్ని దారులున్న ఊళ్లో వ్యాపారం చేస్తూ, చెప్పిన రోజుకి సరుకు పంపలేకపోయామని ఎవరికైనా తల వంచి ఉత్తరం రాయడమా? రాయక తప్పనప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. అది తెలియక ఎంతోమంది నిజం రాసి నష్టపోతున్నారు. మీకు ఆ గతి పట్టకూడదు.

ఒక లెక్క వేసుకుందాం. మీకు తల్లాడలో కారం మిల్లు ఉంది. విజయవాడలో పచ్చళ్లు పెట్టే పార్టీ ఒకాయన మీకు 2,000 కిలోల ఆవకాయ కారం ఆర్డరిచ్చాడు. ఘాటుకి తేజ, రంగుకి చపాటా కలిపి ఆడాలి. కిలో 260 రూపాయలు, మంగళవారం పొద్దున 6 గంటలకి ఆయన షెడ్డులో దిగాలి. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన మిర్చికి చెమ్మ పడుతుంది, ఒక రోజైనా ఎండ చూపించాలి, లేకపోతే కారం ముద్ద కడుతుంది. అంటే బస్తాలు శనివారమే బయటికి రావాలి. శనివారం మీ ఊరి వ్యాపారి ఒకాయన నగదు పట్టుకొచ్చాడు, మిల్లు ఆయనకి ఆడించారు. సోమవారం మధ్యాహ్నానికి మీ దగ్గర తయారుగా ఉన్నది 800 కిలోలు. మిగతా 1,200 గురువారానికి గానీ కావు. ఇక మొదలుపెట్టండి.

1. ముందుగా చెప్పకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. సోమవారం మధ్యాహ్నం 12 గంటలకే సరుకు అందదని మీకు తెలుసు. అప్పుడే ఫోన్ చేస్తే ఆయన ఏం చేస్తాడు? తోటకి ఫోన్ చేసి కాయ కోత ఆపిస్తాడు. కాయ చెట్టు మీదే ఉంటే రెండు రోజులాగినా దానికేమీ కాదు. ముక్కలు కొట్టడానికి రావలసిన ఆడవాళ్లకి గురువారం రమ్మని కబురు పెడతాడు. ఆయనకి పైసా నష్టం ఉండదు. నష్టం లేనివాడికి మీ ఉత్తరంతో పనేముంది?

కాబట్టి ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మంగళవారం తెల్లారేసరికి టన్నుల కొద్దీ కాయ షెడ్డులో దిగుతుంది, కత్తిపీటలు లేస్తాయి. ముక్క కొట్టాక ఆవకాయ ఆ రోజే కలపాలి. రాత్రి నిలవుంటే ముక్క నీరు వదులుతుంది, రంగు మారుతుంది, కరకర పోతుంది. ఆయన చేతిలో మిగిలే దారి ముక్కలకి ఉప్పు పట్టించి తక్కువ ధర పచ్చడికి మళ్లించడమే. పదింటికి ఆయన ఏడోసారి ఫోన్ చేసినప్పుడు ఎత్తండి. "ఇప్పుడే మీకు చేద్దామనుకుంటున్నానండీ" అనండి. ఈ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

2. కారణాన్ని ఊళ్లోంచి కాకుండా దారిలోంచి తీసుకోండి.

మిల్లులో జరిగిందేదీ రాయకండి. "వేరే వాళ్ల సరుకు ముందు ఆడించాం" అన్న వాక్యం మీ కలంలోంచి రానే కూడదు. వైరా దాటాక డీసీఎం ఇంజన్ పట్టేసిందని రాయండి. హమాలీలు రాలేదనండి, కరెంటు పోయిందనండి. మూడూ కలిపి రాస్తే ఇంకా బలం. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు, అదే రోజుల్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు, వరద అన్న ఒక్క మాటకి అందరూ తలూపారు. అంత పనిచేసిన మాటని ఒక్క సీజనుకే వదిలేయడమెందుకు? మే నెలలో కూడా వాడండి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. 50,000 రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు తీయాలి కదా, దాని మీద తీసిన తేదీ, గంట పడతాయి. మన సరుకు 5,20,000 రూపాయలది. 200 కిలోమీటర్ల లోపు దూరానికి ఆ బిల్లు ఒక్క రోజే చెల్లుతుంది. బండి నిజంగా దారిలో చెడిపోయి సరుకు వేరే బండికి మార్చితే ఆ కొత్త బండి నంబరు కూడా బిల్లులో ఎక్కించాలి. సోమవారం బయల్దేరిందని మీరు రాసిన బండికి బుధవారం రాత్రి తీసిన బిల్లు, అదీ ఒకే నంబరుతో, పార్టీ చేతికి వెళుతుంది. ఆయన గుమాస్తా దాన్ని మీ ఉత్తరం పక్కన పెట్టి చూస్తాడు. చూడనివ్వండి. మీరు మాత్రం మాట మార్చకండి. అడిగితే "సర్వర్ పనిచేయలేదు" అని నాలుగో కారణం కలపండి.

3. వాక్యంలో మీరు కనపడకండి.

"ఆలస్యం చేశాం" అని రాయకూడదు, "ఆలస్యం జరిగింది" అని రాయాలి. "మా తప్పు" అనకండి, "అనివార్య కారణాల వల్ల" అనండి. "మీకు నష్టం జరిగింది" వద్దు, "అసౌకర్యం కలిగి ఉంటే" అనండి. ఆ "ఉంటే" ఎంత విలువైందో! షెడ్డులో టన్నుల కొద్దీ ముక్కలు నీరు కారుతుంటే అసౌకర్యం కలిగిందో లేదో ఆయనే తేల్చుకుంటాడు. ఎన్ని కిలోలు, ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నవి ఎక్కడా రానివ్వకండి. అంకె పడిన చోట మాటకి కట్టుబడాలి.

4. ఈ కింది ఉత్తరం మీ మిల్లు గడప తొక్కకుండా చూసుకోండి.

కొన్నిచోట్ల చదువుకున్న కొడుకులు ఇలాంటివి రాసి తండ్రుల చేత సంతకం పెట్టిస్తున్నారు. గుర్తుపట్టడానికి వీలుగా మొత్తం ఇస్తున్నాను.

"అయ్యా, మంగళవారం ఉదయం 6 గంటలకి ఇస్తామన్న 2,000 కిలోల కారం మేము ఇవ్వలేకపోతున్నాం. శనివారం మీ మిర్చి బయటికి తీయకుండా మరొకరి సరుకు ఆడించాం. తప్పు మాదే. తయారైన 800 కిలోలు ఈ రాత్రే బయల్దేరుతున్నాయి, రేపు ఉదయం 6 గంటలకి మీ షెడ్డులో ఉంటాయి. మిగతా 1,200 కిలోలు గురువారం ఉదయం 6 గంటలకి. రెండు బళ్ల కిరాయీ మాదే. అప్పటిదాకా ఆగలేకపోతే మీ ఊళ్లోనే అదే రకం కొనుక్కోండి. కిలో 260 కన్నా ఎంత ఎక్కువైతే అంత మేమిస్తాం, ఆ మేరకు మీ ఆర్డరు తగ్గించుకోండి. కూలీలకి, కాయకి నష్టం వస్తే లెక్క పంపండి, వారం రోజుల్లో బిల్లులో తగ్గించి క్రెడిట్ నోట్ ఇస్తాం. వీటిలో మీకు ఏది కావాలో ఈ సాయంత్రం 4 లోపు చెప్పండి. ఈ పని మా పెద్దబ్బాయి చూస్తాడు, నంబరు కింద ఉంది."

ఎంత ప్రమాదకరమో చూడండి. సోమవారమే రాయడం మొదటి తప్పు. ఇది చదివిన పార్టీకి అరవడానికి ఏమీ మిగలదు. 800 కిలోలకి సరిపడా కాయే కోయించుకుంటాడు, మిగతాది గురువారానికి ఉంచుకుంటాడు. మీకు పడేది రెండో బండి కిరాయి, మహా అయితే ఎక్కడో కొన్న కొద్ది కారం మీద తేడా. వంద కిలోలు బయట 285కి కొన్నాడనుకోండి, 2,500 రూపాయలు. ఇంత చిన్న మొత్తం కోసం సంతకం పెట్టి దొరికిపోవడమెందుకు? పైగా ఇలాంటి ఉత్తరం అందుకున్నవాడు వచ్చే ఏడు కూడా ఆర్డరిస్తాడు. మళ్లీ శనివారం బస్తాలు తీయాలి, మళ్లీ ఎండబెట్టాలి.

5. పరిహారం అడిగితే "తర్వాతి ఆర్డర్లో చూసుకుందాం" అనండి.

ఎంత, ఎప్పుడు, దేని మీద అన్నది చెప్పకండి. చట్టం తెలిసినవాడు ఎదురైతే భయపడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, మాట తప్పితే ఫలానా నష్టం వస్తుందని ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసి ఉంటే, ఆ నష్టం అడగవచ్చు. ఆర్డరు కాగితం మీద "ఆవకాయ పని, మంగళవారం 6కి తప్పదు" అని రాసి ఉంది. ఆ కాగితం చింపేయండి. వాట్సాప్‌లో ఉన్నది మీ ఫోన్లోంచి తీసేయండి. ఆయన ఫోన్లో ఉన్నదాని సంగతి ఆయన చూసుకుంటాడు.

55వ సెక్షన్ మనకి కొంత మేలు చేస్తుంది. లేటుగా వచ్చిన సరుకుని తీసుకునేటప్పుడే "నష్టం అడుగుతాను" అని తెలపకపోతే, తర్వాత ఆ లేటుకి పరిహారం అడగడానికి వీల్లేదు. అందుకని చీకట్లో, ఆయన లేని సమయంలో దింపించి, వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకు రమ్మని డ్రైవరుకి చెప్పండి. ఆ వాచ్‌మన్ గనక యజమానిని లేపితే, ఆయన రసీదు మీదే ఒక వాక్యం రాసి ఫోటో తీసుకుంటే, డ్రైవరుని తిట్టండి.

6. కావాలా వద్దా అని అడగకుండా మొత్తం పంపేయండి.

800 కిలోలు ముందు పంపితే రెండు కిరాయిలు. గురువారం దాకా ఆగి అన్నీ ఒకే బండిలో పంపండి. బుధవారమే ఆయన వేరే మిల్లులో కొనుక్కుని ఉంటాడు, బండి వెనక్కి వస్తుంది. పోను కిరాయి, రాను కిరాయి, దింపుడు కూలీ మీవే. ఆ కారం ఆయన రంగుకి తగ్గట్టు కలిపింది కాబట్టి ఇంకొకరికి అదే ధరకి పోదు. మే ఎండకి రేకుల షెడ్డులో కారం రంగు తగ్గుతూ ఉంటుంది. అయినా సొంత సరుకు సొంత షెడ్డులోనే ఉంది కదా, పోయిందేముంది?

7. పాత బాకీ గట్టిగా అడగండి.

ఆయన పోయిన నెల బిల్లు ఆపేస్తాడు. వెంటనే రెండో ఉత్తరం రాయండి. అందులో మాత్రం తేదీలు, అంకెలు, పైసలతో సహా ఉండాలి. రెండు ఉత్తరాలూ ఒకే ఫైలులో పక్కపక్కన పెట్టుకుని ఆయన విజయవాడలోని మిగతా పచ్చళ్ల వాళ్లకి చూపిస్తాడు. మీ మిల్లు పేరు అక్కడ ఖర్చు లేకుండా అందరికీ తెలుస్తుంది.

ఇవన్నీ వరసగా చేసినవాళ్లకి వచ్చే మే నెలలో ఒక్క ఆర్డరూ లేటవదు. మిల్లు తాళం వేసుకుని మధ్యాహ్నం పూట హాయిగా పడుకోండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టాల్సిన పని కూడా ఉండదు.