బాబాయి ఫోనుకి జలుబు

మా మండవల్లి వైపు ఫోన్లు పడేది బావుల్లో కాదు, చేపల చెరువుల్లో. తవుడు సంచులు గడలకి కట్టిస్తూ కాస్త వంగితే చాలు, చొక్కా పై జేబు ఖాళీ. మా బాబాయిదీ అలాగే జారింది. గట్టు పక్కన మోకాలి లోతే కాబట్టి దొరికింది. తెర వెలిగింది, రింగూ మోగింది. గొంతు మాత్రం నోట్లో కిళ్ళీ బిగించి మాట్లాడుతున్నట్టు వచ్చింది. చేపల వ్యాపారి "లారీ రాదండీ" అంటే ఈయనకి "లారీ రాత్రికండీ" అని వినపడి, పట్టుబడికి మనుషుల్ని పురమాయించేశాడు.

వరి పండే ఊళ్ళో ఇలాంటిది జరిగితే మందు ఒక్కటే: బియ్యం డబ్బా. పిన్ని అప్పటికే మూత తీసి నిలబడింది. లోపలి నీటిని బియ్యం లాగవు పిన్నీ, పైగా వాటి పొడి కన్నాల్లోకి దూరుతుంది అన్నాను. యాపిల్ కంపెనీ కూడా తన సూచనల్లో బియ్యంలో పెట్టొద్దనే చెబుతోందంటే, "వాళ్ళకి సోనా మసూరి ఏం తెలుసు?" అంది. మరిది హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. ఆ వేడికి లోపలి జిగురు సడలుతుంది, గాలి వేగానికి నీరు ఇంకా లోపలికి పోతుంది. ఎదురింటాయన పిన్నీసు తీశాడు. అన్నిటికంటే నాకు భయం వేసింది దానికే.

స్పీకర్ కన్నాల వెనక సన్నటి జాలీ ఉంటుంది. నీళ్ళు దాని కళ్ళల్లో పొరలా నిలబడిపోతే శబ్దం బయటికి రాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లో బాబాయికి మాట శుభ్రంగా వినిపించింది కాబట్టి జబ్బు స్పీకర్ దగ్గరేనని తేలింది.

ఫోను ఆపించి, కవరు, సిమ్ ట్రే తీసి తుడిచాను. కన్నాలు కిందికి పెట్టి అరచేతిమీద మెల్లగా తట్టితే రెండు చుక్కలు రాలాయి. ఫ్యాను గాలికి, ఎండ తగలకుండా, ఓ రోజంతా అలాగే ఉంచాం. తడి ఆరేదాకా ఛార్జర్ ముట్టుకోనివ్వలేదు. బాబాయికి అదే పెద్ద శిక్ష.

తర్వాత 165 హెర్ట్జ్ దగ్గర బొంగురు శబ్దం కాసేపు వినిపించాం. ఆ అదురుకి జాలీలో మిగిలిన నీరు బయటికొస్తుంది. పక్కింటావిడ "చెరువు మీద ఏరియేటర్ వేశారా?" అని అడిగింది. గొంతు చాలావరకు తేరుకుంది.

పూర్తిగా ఎందుకు తేరుకోలేదంటే, అది చెరువు నీరు. నీరు ఆరినా బురద, తవుడు జాలీలో ఎండిపోతాయి. ఐపీ68 ఉన్న ఫోనుకైనా ఆ పరీక్ష మంచినీళ్ళతో చేసేదే, బురదనీటితో కాదు. పైగా ఈ ఫోనుకి ఇదివరకే డిస్‌ప్లే మార్చారు, ఆ సీలు మీద నమ్మకం లేదు. అందుకే మంచినీళ్ళతో కడగనివ్వలేదు.

రెండు రోజులకీ ముద్దమాటే వస్తుంటే మెత్తటి పొడి బ్రష్ పైపైన ఆడించండి, లేదా రిపేరు షాపుకి పట్టుకెళ్ళండి. జాలీ శుభ్రం చేయించడం చిన్న పని. పిన్నీసుతో చిరిగితే స్పీకరే మార్చాలి.