టమాటా, తూము, తాతయ్య

సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పరీక్ష మళ్ళీ రాయాలని తెలిసి కొల్లేటి లంకలో ఉండే మా తాతయ్య "రెండో పంటా?" అన్నారు. చేపల చెరువుల మనిషి, ఏదైనా పంటల్లోనే లెక్కేస్తారు. మొదటి పంట ఎలా పోయిందో ఆయనకి చెప్పలేదు. తాడేపల్లిగూడెం హాస్టల్లో నేను పుస్తకం తెరిస్తే, నా బొటనవేలు ఇన్‌స్టాగ్రామ్ తెరిచేది. ఇద్దరం ఎవరి పని వాళ్ళం చేసుకునేవాళ్ళం.

మా రూమ్మేట్ జాలిపడి టమాటా వైద్యం చెప్పాడు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి, నాలాంటివాడే, కనీసం 10 నిమిషాలు నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం కట్టుకున్నాడట. టైముకి వంటింట్లో వాడే టమాటా ఆకారపు గడియారం పెట్టుకున్నాడు. వాళ్ళ భాషలో టమాటాని పొమొదోరో అంటారు, పద్ధతికీ అదే పేరు. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విశ్రాంతి, నాలుగు విడతలయ్యాక కాస్త పెద్ద విశ్రాంతి. ఉల్లి మార్కెట్టున్న మా గూడెంలో కనిపెట్టి ఉంటే ఉల్లిపాయ పద్ధతి అనేవాళ్ళు. ఏడుపు కూడా సరిపోయేది.

ఇందులో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. చదువు మధ్యలో మనసు పక్కకి లాగినప్పుడల్లా కాగితం మీద చిన్న గీత పెట్టాలి. మొదటి విడతలోనే నాకు 14 గీతలు పడ్డాయి. కారణం వెతికితే టైమరే దొరికింది. అది ఫోన్లో ఉంది. ఇంకా ఎంత టైముందో చూద్దామని ఫోను తీయడం, తీశాక పక్కనున్న రీల్స్‌ని పలకరించకుండా వస్తే బాగోదనుకోవడం.

మొక్కలు పెంచే ఫారెస్ట్ యాప్ కూడా వేశాను. చదివినంతసేపూ తెరమీద మొక్క ఎదుగుతుంది, మధ్యలో వేరే యాప్‌లోకి వెళ్తే చచ్చిపోతుంది. వారంలో నాకో ఎండు తోట తయారైంది. తర్వాత ఫోన్ సెట్టింగుల్లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఇన్‌స్టాగ్రామ్‌కి రోజుకి 15 నిమిషాలు కేటాయించాను. గడువవగానే యాప్ బొమ్మ బూడిద రంగుకి తిరిగి నిజంగానే మూతపడింది. మూసింది యాప్‌ని మాత్రమేనని, అదే సైటు బ్రౌజర్‌లో హాయిగా తెరుచుకుంటుందని కనిపెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ తెలివి సిగ్నల్స్‌లో చూపిస్తే రెండో పంట ఉండేది కాదు.

ప్రిపరేషన్ సెలవులకి ల్యాప్‌టాప్ పట్టుకుని తాతయ్య దగ్గరికి వెళ్ళాను. అక్కడ అసలైన గట్టు వేశాను. విండోస్‌లో hosts అనే చిన్న ఫైలుంటుంది. ఏ సైటు ఎక్కడుందో కంప్యూటర్ ముందు దాన్నే అడుగుతుంది. అందులో ఇలా రాశాను:

```
127.0.0.1 instagram.com
127.0.0.1 www.instagram.com
```

127.0.0.1 అంటే ఈ కంప్యూటరే. పవర్‌పేట ఎటండీ అని అడిగినవాడికి వాళ్ళింటి అడ్రసే చెప్పి పంపడం లాంటిది. రెండు పేర్లూ విడివిడిగా రాయాలి, మొదటిది ఒక్కటే రాస్తే రెండోది తెరుచుకుంటుంది. మొదటిసారి ఏమీ ఆగలేదు. చూస్తే నోట్‌ప్యాడ్ దాన్ని hosts.txt పేరుతో దాచింది. ఆ తోక ఉంటే విండోస్ ఆ ఫైలు మొహం చూడదు. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మళ్ళీ రాసి, బ్రౌజర్ మూసి తెరిస్తే అప్పుడు ఆగింది. రాత్రి పదింటికి అదే నోట్‌ప్యాడ్ తెరిచి ఆ రెండు వరుసలూ నేనే చెరిపేశాను.

పొద్దున్నే తాతయ్యకి గోడు చెప్పుకున్నాను. ఆయన నవ్వారు. "2006లో కొల్లేరు ఆపరేషనంటూ చెరువు గట్లన్నీ కొట్టేశారు. తర్వాత మళ్ళీ ఎన్ని లేచాయో చూశావుగా. ఒరేయ్ అబ్బాయ్, గట్టు వేసినవాడికి గండి ఎక్కడ కొట్టాలో తెలీదా? తూము తాళం నీ దగ్గర ఉండకూడదు."

తాళం ఆయనకే ఇచ్చాను. ల్యాప్‌టాప్‌లో విడిగా అడ్మిన్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఆయన చేతే ఒక్క వేలితో కొట్టించి, నా ఖాతాని మామూలు ఖాతాగా మార్చేశాను. ఇక hosts ముట్టుకోవాలంటే ఆ పాస్‌వర్డ్ కావాలి. ఫోను అమ్మమ్మ కందిపప్పు డబ్బాలోకి, టైమరు పని గూట్లోని పాత అలారం గడియారానికి వెళ్ళాయి. మూడు రోజుల్లో గీతలు 14 నుంచి 4కి దిగాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం తాతయ్య చెరువు మీదికి వెళ్ళారు. ఆయన పాస్‌వర్డ్ ఏం పెట్టి ఉంటారా అనిపించింది. శీలావతి కొట్టాను. కాదు. బొచ్చె. కాదు. కాసేపు ఆలోచించి, అమ్మమ్మ పేరు, దాని వెనక చెరువు ఎకరాలు. అదీ కాదు. కాగితం మీద ఒక పట్టిక గీసి కొల్లేటి పిట్టల పేర్లు రాస్తుండగా అలారం మోగింది. పక్కనున్న గీతల కాగితం చూసుకున్నాను. ఆ 25 నిమిషాల్లో ఒక్క గీతా లేదు.