పెండింగ్ బాబాయి

మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకెళ్లినా పొద్దున్న పదింటి స్టాండప్‌లో ఓ పెండింగ్ బాబాయి తగులుతాడు. వయసు ముప్ఫై అయిదే కావచ్చు, పెద్దరికమంతా మాటలో ఉంటుంది. మిగతావాళ్లు గోడకు జారబడి ఫోన్లు చూసుకుంటుంటే, ఈయన పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడతాడు.

ఆగిపోయిన పని గురించి చెప్పడమే ఈయన విద్య. మొన్న గురువారం రీఫండ్ పేజీ టెస్టింగ్ దగ్గర గొడవ మొదలైంది. "నెట్‌వర్క్ వాళ్లు పట్టించుకోవట్లేదన్నా" అన్నాడు కుర్రాడొకడు. "అసలు టికెట్ ఏ కేటగిరీలో పెట్టారండీ?" అని అందుకుంది నెట్‌వర్క్ మేడమ్. ఇక టికెట్ పుట్టుపూర్వోత్తరాలు నడిచాయి. పావుగంట మీటింగులో పది నిమిషాలు హారతి కర్పూరం. పని మాత్రం కదల్లేదు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "రీఫండ్ టెస్టింగ్ సోమవారం నుంచి బ్లాక్ అయి ఉందండీ. టెస్ట్ సర్వర్ డేటాబేస్‌ని పిలిస్తే `Connection timed out` అని వస్తోంది. పాస్‌వర్డ్ తప్పైతే ఆ మాటే చెప్పేది. అంటే మనం గుమ్మం దాకా కూడా వెళ్లట్లేదు, దారిలో ఫైర్‌వాల్ ఆపుతున్నట్టుంది. 5432 పోర్టు ఒక్కసారి చూడాలి. సాయంత్రం నాలుగింటిలోపు తెరుచుకుంటే రేపటి రిలీజ్‌లో రీఫండ్ ఉంటుంది, లేకపోతే దాన్ని పక్కన పెట్టి మిగతాది పంపిద్దాం. ఈలోగా డమ్మీ డేటాతో నడిపిస్తున్నా. కోడ్ రివ్యూ ఒకటి పెండింగ్, అది సోమవారానికైనా పర్లేదు."

నిమిషం కూడా పట్టలేదు. ఎవరి పేరూ రాలేదు, అలాగని ఏదీ దాచలేదు. ఎప్పటినుంచి ఆగింది, ఎక్కడ ఆగింది, ఎప్పటిలోపు కావాలి, కాకపోతే ఏమవుతుంది, అన్నీ వచ్చేశాయి. ఆగితే కొంపలంటుకునేదాన్నీ, వరసలో ఉన్నదాన్నీ ఒకే గాటన కట్టడు. కొందరు అన్నిటినీ బ్లాక్ అంటారు, అందుకే వాళ్ల బ్లాకర్లను ఎవరూ పట్టించుకోరు.

మేడమ్ లాప్‌టాప్ తెరిచి చూసింది. పోర్టు మంగళవారమే తెరిచారు, కానీ పాత సర్వర్‌కి. టికెట్‌లో పాత ఐపీ అడ్రసు రాసింది ఇందాకటి కుర్రాడే. వాడి మొహం కందిపోయింది. "టికెట్‌లో అడ్రసు మారాలన్నమాట, ఇప్పుడే మార్చేద్దాం" అన్నాడు బాబాయి, వాడి వైపు చూడకుండా.

ఈ విద్యను ఆయన ఇంట్లో కూడా వాడతాడని వినికిడి. ఆదివారం పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి, "చట్నీ బ్లాక్ అయిందోయ్. కొబ్బరికాయ నిన్న సాయంత్రం నుంచి రావలసి ఉంది" అన్నాడట.

"తెస్తానని సంచీ పట్టుకెళ్లిందెవరు?" అని అడిగింది వాళ్లావిడ.

"దాని గురించి మీటింగయ్యాక విడిగా మాట్లాడుకుందాం" అని చెప్పులేసుకున్నాడట.