చావు కబురు ఎన్నో పేరాలో?

కంపెనీలు ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యవు. తీసేస్తే పాపం తగులుతుంది. అందుకని ‘పునర్వ్యవస్థీకరణ’ చేస్తాయి. ఆ మాట పలికేసరికే సగం ఊపిరి పోతుంది. మిగతా సగం హెచ్ఆర్ వాళ్ల మెయిల్ తీస్తుంది.

చావు కబురు చల్లగా చెప్పడం మన ఊళ్లలోనూ ఉన్న విద్యే. దాన్ని కార్పొరేట్ కళగా మార్చిన ఘనత మాత్రం మైక్రోసాఫ్ట్ పరికరాల విభాగాన్ని నడిపిన స్టీఫెన్ ఎలాప్‌ది. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. మూడు నెలలు నిండకుండానే, జులై 17న, ఆయన సిబ్బందికి రాసిన మెయిల్‌ని కంపెనీ లోకమంతా చదివేలా పెట్టింది. మొదలు ‘హలో దేర్’ అని. పెళ్లి పిలుపేమో అనుకోవాలి! తర్వాత మైక్రోసాఫ్ట్ వ్యూహం, ఆ తర్వాత ఫోన్ల పాత్ర, ఆ పైన చవక ఫోన్లు, ఖరీదైన ఫోన్లు. పేరా వెనక పేరా దాటుకుంటూ పోతే, చివర్లో ఎక్కడో, మాట వరసకి అన్నట్టు 12,500 మందిని తగ్గిస్తున్నామని ఒక వాక్యం. ఫోన్ ఏ ధరకు అమ్ముతారో ముందు తెలిసింది, ఆ ఫోన్ చేసేవాడికి కూడెప్పుడు పోతుందో తర్వాత తెలిసింది.

అదే రోజు మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల కూడా ఒక మెయిల్ పంపారు. మొత్తం 18,000 ఉద్యోగాల దాకా పోతాయన్న అంకె అందులో పైనే ఉంది. బాగుంది. అయితే ‘సినర్జీ’ అంటూ దానికి కాస్త సున్నం కొట్టారు. పోయేవాళ్లలో చాలామందికి ఆరు నెలల్లోగా కబురందుతుందన్నారు. అంటే ఆ ఆరు నెలలూ ఎవడి మెడ మీద కత్తి వేలాడుతోందో తెలియకుండా అందరూ పొద్దున్నే లేచి ఆఫీసుకెళ్లాలి.

మరి సరిగ్గా చెప్పినవాళ్లు లేరా? ఉన్నారు. 2022 నవంబర్ 3న స్ట్రైప్ కంపెనీ సీఈవో ప్యాట్రిక్ కాలిసన్ రాసిన ఉత్తరంలో రెండో వాక్యమే అసలు సంగతి: సుమారు 14 శాతం మందిని పంపేస్తున్నాం. ఆ వెంటనే, ఆ జాబితాలో ఉన్నవాళ్లకు 15 నిమిషాల్లో మెయిల్ వస్తుందన్న కబురు. కారణం మొత్తాన్నీ గ్రహగతుల మీదికి నెట్టలేదు. అవసరానికి మించి మనుషుల్ని తీసుకున్నాం, తప్పు మాదే అన్నారు. కనీసం 14 వారాల జీతం, మిగిలిన సెలవులకు డబ్బు, ఆరు నెలల ఆరోగ్య బీమాకు సరిపడా సొమ్ము, వీసా మీద ఉన్నవాళ్లకు సాయం. ఉద్యోగం పోయినవాడు ఆ రాత్రి భార్యతో కూర్చుని వేసుకునే లెక్కకి కావలసినవి ఇవే. సంస్థాగత విలువల మీద మూడు పేరాలు ఆ లెక్కలో ఏ గడిలోనూ పట్టవు.

ఆ వీసా మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాడికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. దాన్ని సాధారణంగా జీతం లెక్కలో ఉన్న ఆఖరి రోజు నుంచి లెక్కపెడతారు. కంపెనీ చేతిలో పెట్టే పరిహారం ఎంత పెద్దదైనా ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అదే నోటీసు కాలమంతా పేరోల్‌లో ఉంచితే గడియారం సాధారణంగా ఆలస్యంగా మొదలవుతుంది. ‘ఉదారంగా పరిహారమిస్తాం’ అని రాసి, ఆఖరి తేదీ మాత్రం రాయని ఉత్తరం అతనికి చిత్తుకాగితం. అతను వెతికేది రెండే: పని ఆపే తేదీ, పేరోల్‌ నుంచి పేరు తీసే తేదీ. ఈ రెండూ ఒకటి కావని చెప్పే ఉత్తరాలు బహు తక్కువ.

స్ట్రైప్‌కి గుడి కట్టేద్దామా అంటే, కొబ్బరికాయ కొట్టకండి, ఆగండి. 2025 జనవరిలో అదే కంపెనీ మరో 300 మందిని తీసేసింది. ఈసారి కొందరికి వచ్చిన మెయిల్‌కి ఒక పీడీఎఫ్ జత చేసి ఉంది. తెరిస్తే అందులో ఉన్నది కార్టూన్ బాతు. కొన్ని మెయిళ్లలో ఉద్యోగం ముగిసే తేదీ కూడా తప్పు పడింది. బాతుని చూసి లోకమంతా నవ్వింది. ఆ తప్పు తేదీ పడ్డవాళ్లలో హెచ్1బీ వాడెవడైనా ఉంటే, వాడు మాత్రం నవ్వి ఉండడు.

తర్వాత హెచ్ఆర్ అధిపతి క్షమాపణ చెబుతూ ఇంకో మెయిల్ పంపారు.