నలభై లక్షలను పన్నెండు సెంటీమీటర్లలో దాచడమెలా?

మిమ్మల్ని అపార్ట్‌మెంట్ సంఘానికి ట్రెజరర్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారంటే ఆ రోజు మీటింగుకి మీరు వెళ్లలేదన్నమాట. సరే, అయిందేదో అయింది. ఏడాది గడిచింది, మళ్లీ జనరల్ బాడీ వచ్చింది. ఎప్పట్లా తొమ్మిది వరుసల పట్టిక ఒకటి చదివేసి, ఎవరూ వినకముందే కూర్చుందామనుకున్నారు. ఇంతలో వాట్సాప్ గ్రూపులో ఎవరో కుర్రాడు, ‘అంకుల్, అంకెలు అర్థం కావట్లేదు, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో బొమ్మ గీసి పెట్టండి’ అన్నాడు. దానికి ముప్పై మంది బొటనవేళ్లు ఎత్తారు.

కంగారు పడకండి. నేను మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. నిజం చెప్పినట్టే ఉండాలి, ఎవరికీ ఏమీ కనబడకూడదు అంటే ఆ బొమ్మ ఎలా గీయాలో చెబుతాను.

ముందు మీ శత్రువెవరో తెలుసుకోండి. ఈ రకం బొమ్మను శాంకీ డయాగ్రమ్ అంటారు. శాంకీ అనే ఐర్లండ్ ఇంజనీరు, సైన్యంలో కెప్టెన్, 1898లో ఆవిరి యంత్రంలో వేడి ఎంత పనికొస్తోందో, ఎంత ఎక్కడ వృథా అవుతోందో పట్టీలుగా గీసి చూపించాడు. పట్టీ ఎంత వెడల్పుంటే వేడి అంత. అంతకు ముందే 1869లో మినార్ అనే ఫ్రెంచి పెద్దాయన నెపోలియన్ రష్యా దండయాత్రను ఇలాగే గీశాడు. పదివేల మంది సైనికులకు ఒక మిల్లీమీటరు లెక్క. బయల్దేరినప్పుడు 4,22,000 మంది, అంటే నాలుగు సెంటీమీటర్లు దాటిన పట్టీ. తిరిగొచ్చింది పదివేల మంది, ఒక్క మిల్లీమీటరు గీత. నెపోలియన్‌కు మంచి ట్రెజరర్ లేడు. ఉంటే ఆ గీతకు మందపాటి బార్డరు వేసి ఉండేవాడు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

మన లెక్క చూద్దాం. ఎనభై ఫ్లాట్లు, నెలకు నాలుగు వేల చొప్పున ఏడాదికి 38.4 లక్షలు రావాలి. 2.4 లక్షలు బకాయి పోగా వచ్చింది 36. మేడ మీది సెల్ టవరు అద్దె 4 కలిపితే 40 లక్షలు. ఖర్చులు: సెక్యూరిటీకి 12, కరెంటు బిల్లుకీ జనరేటరు డీజిలుకీ 8, హౌస్‌కీపింగ్‌కు 6, నీళ్ల ట్యాంకర్లకు 6, మేనేజరు, ప్లంబరు జీతాలకు 3, లిఫ్టు మెయింటెనెన్సుకు 2.4, మరమ్మతులకు 1.2, వినాయక చవితికి 1, మీటింగుల టీ బిస్కెట్లకూ జిరాక్సులకూ 40 వేలు. కూడితే సరిగ్గా 40. మిగులు సున్నా.

మీరు దాచాల్సింది ట్యాంకర్లను. ఎందుకంటే ఇంకుడు గుంత తవ్వించే తీర్మానాన్ని కమిటీ మూడేళ్లుగా వాయిదా వేస్తోంది.

పవర్‌పాయింటు తెరవండి. మామూలు వెడల్పు స్లైడు ఎత్తు 19.05 సెంటీమీటర్లు. లక్షకు 3 మిల్లీమీటర్లు పెట్టుకుంటే 40 లక్షల కాండం 12 సెంటీమీటర్లు వస్తుంది. పైనా కిందా కొమ్మలు విడిపోవడానికి ఏడు సెంటీమీటర్ల జాగా మిగులుతుంది. ఈ కొలత మీ మనసులోనే ఉంచుకోండి. స్లైడు మూలన ‘ఇంత వెడల్పు అంటే లక్ష’ అని చిన్న గీత పెట్టారో, దాన్ని పట్టుకుని మొత్తం కొలిచేస్తారు.

తెలివితక్కువవాళ్లు ఏం చేస్తారంటే, కాండం కుడి అంచున ఒక్కో పట్టీని మౌసుతో కాకుండా అంకెలతో కూర్చోబెడతారు. కాండం పైఅంచు 3 సెంటీమీటర్ల దగ్గర ఉంటే సెక్యూరిటీ పట్టీ 3 దగ్గర మొదలు, దాని ఎత్తు 3.6, కాబట్టి కరెంటు పట్టీ 6.6 దగ్గర మొదలు, దాని ఎత్తు 2.4, తర్వాతది 9 దగ్గర. ఇలా పైదాని స్థానానికి పైదాని ఎత్తు కూడుకుంటూ పోతే ఆఖరి పట్టీ సరిగ్గా 15 దగ్గర ముగుస్తుంది. మధ్యలో సందు మిగిలినా, చివర్న కాండం దాటి బయటికి వచ్చినా ఏదో తప్పు రాశారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. మీరు మాత్రం కంటి అంచనాతో లాగి వదలండి. సందులున్నా అందంగానే ఉంటుంది.

ఇక ఆకారాలు. సెక్యూరిటీ పన్నెండు లక్షలు మరీ లావుగా కనబడుతోందా? దానికి లావుపాటి బాణం ఆకారం తీసుకోండి, హౌస్‌కీపింగ్‌కు మామూలు దీర్ఘచతురస్రం. బాణం ఎత్తు గడిలో నిజాయితీగా 3.6 అని కొట్టండి. ఆ 3.6 బాణం తలకి చెందినది. ఒంటి వెడల్పు దానంతటదే అందులో సగం, 1.8 సెంటీమీటర్లు. హౌస్‌కీపింగ్ దీర్ఘచతురస్రం కూడా 1.8. పన్నెండు లక్షలూ ఆరు లక్షలూ అన్నదమ్ముల్లా పక్కపక్కన నిలబడతాయి. ఎవరైనా అడిగితే గడిలో అంకె చూపించండి, మీరు అబద్ధమాడలేదు. ఆ బాణం మీద పసుపు చుక్క ఒకటి ఉంటుంది, దాన్ని లాగితే ఒంటి వెడల్పు మారుతుంది. అది తెలిసినవాడు బాణం తలను విడిగా త్రిభుజంతో పెట్టి, ఒంటికి దీర్ఘచతురస్రమే వాడతాడు. అలాంటివాణ్ణి కమిటీలోకి రానివ్వకండి.

బార్డరు సంగతి చెబుతానన్నాను. ప్రతి ఆకారానికీ మూడు పాయింట్ల నల్లటి అంచు వేయండి. మూడు పాయింట్లంటే మిల్లీమీటరు చిల్లర. అందులో సగం ఆకారం లోపలికి, సగం బయటికి పడుతుంది. పైనా కిందా బయటికి పడిన సగాలు కలిపితే ప్రతి పట్టీ ఒక మిల్లీమీటరుకు పైగా లావెక్కుతుంది. 36 మిల్లీమీటర్ల సెక్యూరిటీకి అది లెక్కలోకి రాదు. 1.2 మిల్లీమీటర్ల టీ బిస్కెట్లు మాత్రం దాదాపు రెట్టింపవుతాయి. ఇంకో విశేషం ఉంది. పట్టీలు తొమ్మిది, కాండం ఒక్కటి. తొమ్మిది అంచులు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు కలిపితే కాండం అంచు కలిపేది ఒకటే. తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, మన కొలతలో 2.8 లక్షలు. బకాయిలన్నీ వసూలైనా ఇంత రాదు! గిట్టనివాళ్లు అవుట్‌లైన్ తీసేసి, పట్టీలను రంగు తేడాతోనే విడదీస్తారు. వాళ్ల సొమ్ము పెరగదు.

ఇప్పుడు అసలు పని, ట్యాంకర్లు. ఆరు లక్షలు, 18 మిల్లీమీటర్లు. నిలువు అంచులున్న వాలు పట్టీ గీయండి, అంటే సమాంతర చతుర్భుజం. ఎడమ అంచు కాండానికి అతుక్కుని 18 మిల్లీమీటర్ల ఎత్తు, కుడి అంచు స్లైడు అడుగున 18 మిల్లీమీటర్ల ఎత్తు. రెండు చివర్లా సత్యవంతమే. మధ్యలో మాత్రం అరవై డిగ్రీల వాలులో కిందికి దించండి. కంటికి కనబడే వెడల్పు పట్టీకి అడ్డంగా కొలిచేది. అరవై డిగ్రీల దగ్గర అది సరిగ్గా సగం, తొమ్మిది మిల్లీమీటర్లు. ఆరు లక్షలు మూడు లక్షలైంది, ఒక్క రూపాయి కూడా దిద్దకుండా. పక్కనే హౌస్‌కీపింగ్ పట్టీని అడ్డంగా తిన్నగా పోనివ్వండి. రెండూ ఆరేసి లక్షలని ఎవరైనా చెబితే నమ్మరు.

దీనికి విరుగుడు ఉంది, మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆకారం బదులు ఒక వంకర గీత గీసి, దాని మందం 51 పాయింట్లు పెడితే, అది ఎటు తిరిగినా అడ్డంగా 18 మిల్లీమీటర్లే ఉంటుంది. డెబ్బై రెండు పాయింట్లు ఒక అంగుళం, లెక్క అంతే. అయితే గీత వంపు దాని మందంలో సగం కన్నా బిగుతుగా ఉంటే లోపలి అంచు మడత పడిపోతుంది, కాబట్టి వంపును విశాలంగా తిప్పాలి. ఇంకో సంగతి: బొమ్మంతా గ్రూపు చేసి మూల పట్టుకుని చిన్నది చేస్తే ఆకారాలు చిన్నవవుతాయి, గీతల మందం మాత్రం అలాగే ఉండిపోతుంది. సగం ఆకారాలతో, సగం గీతలతో బొమ్మ గీసి చివర్న కుదించిన ట్రెజరర్లను నేనెరుగుదును. ట్యాంకర్లు కాండాన్నే మింగేశాయి.

టవరు అద్దె సంగతి మరచిపోకండి. అది ఎడమ నుంచి వచ్చి, మెయింటెనెన్సుతో కలిసి కాండంలోకి పోవాలి. మీరు కలపకండి. నాలుగు లక్షల పట్టీని కాండం తాకకుండా పక్కనుంచి తీసుకెళ్లి నేరుగా ట్యాంకర్లకు అతికించండి. ‘నీళ్లకు మీ జేబులోంచి పోయింది రెండు లక్షలేనండీ’ అనొచ్చు. కృష్ణా నీళ్లూ గోదావరి నీళ్లూ ఒకే సంపులో పోశాక ఏ బిందెలోవి ఏ నదివో చెప్పలేం. నిజానికి ఒకే బ్యాంకు ఖాతాలో పడ్డ డబ్బూ అంతే, అందుకే మధ్యలో ఒకటే కాండం గీస్తారు. ఏ షరతూ లేని సొమ్మును విడి దారిలో చూపించే హక్కు బొమ్మకు లేదు. ఆ మాట ఎవరికీ తట్టకపోతే మీ అదృష్టం.

బకాయిల 2.4 లక్షలు అసలు గీయవద్దు. గీయాలంటే కాండం కన్నా ముందే 7.2 మిల్లీమీటర్ల మొండి కొమ్మ ఒకటి బయటికి పోయి ఆగిపోవాలి. దాన్ని చూడగానే ఆ ఫ్లాట్లు ఏవని అడుగుతారు. అందులో ఒకటి సెక్రటరీగారిది.

ఆఖరుగా రంగులు. అన్నీ లేత బూడిద రంగు వేసి, మూడు మిల్లీమీటర్ల వినాయక చవితికి మాత్రం ఎర్రెర్రగా దట్టించండి. సభ మొత్తం దాని మీదే పడుతుంది. లడ్డూ వేలం డబ్బు ఏమైందని ఒకరు, మైకు సెట్టు అంత ఖరీదా అని ఇంకొకరు, గంటన్నర గడిచిపోతుంది. నా మొదటి ఏడాది అలాగే గట్టెక్కాను. రెండో ఏడాదీ అంతే.

మూడో ఏడాది చేసిన పొరపాటు ఒక్కటే, అందరికీ ప్రింట్లు పంచాను. చవితి మీద గొడవ మంచి ఊపులో ఉండగా, రెండో వరుసలో ఇరిగేషన్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీశారు. వాలు పట్టీకి అడ్డంగా పెట్టి ఒకసారి, దాని చివర నిలువుగా పెట్టి ఒకసారి కొలిచారు. కళ్లజోడు సర్దుకుని నావైపు చూశారు.

“బాబూ, ఈ నీళ్లు దారిలో సగం ఇంకిపోయి, కిందికొచ్చేసరికి మళ్లీ ఊరుతున్నాయేమయ్యా?”

ప్రింట్లు పంచకండి.