కర్చీఫ్‌కి క్యూఆర్ కోడ్

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నిలబడ్డ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వయసు తక్కువేం కాదు. 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది. 1936లో ఇప్పుడున్న పెద్ద భవనంలోకి వచ్చింది. లోపల లక్షల పుస్తకాలున్నాయి, తాళపత్రాలున్నాయి. పరీక్షల కాలంలో తలుపు తెరవగానే పరుగెత్తుకొచ్చే కుర్రాళ్లకు మాత్రం వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. చదవాల్సిందంతా సంచిలోనే తెచ్చుకుంటారు. వాళ్లు లైబ్రరీ నుంచి కోరేది ఒక కుర్చీ, ఒక బల్ల, నెత్తిమీద తిరిగే ఫ్యాను.

ఈ కుర్చీని దక్కించుకునే చట్టం పక్కనే ఉన్న గౌలిగూడ బస్సుల నుంచి నడిచి వచ్చింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరిన వాడిదే సీటు. లైబ్రరీలో కర్చీఫ్‌కి గౌరవం తక్కువ, అది గాలికి ఎగిరిపోతుంది. అందుకని ఇక్కడ లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం పెడతారు. భారత రాజ్యాంగం బరువేమిటో ఆ పుస్తకాన్ని పక్కకి జరపబోయిన వాడికి తెలుస్తుంది.

ఏ రీడింగ్ హాల్లోనైనా పొద్దున పదింటికి వినిపించే సంభాషణ ఇది.

“అన్నా, ఈ కుర్చీల ఎవలన్న ఉన్నరా?”

“ఉన్నడు. చాయ్ తాగనీకి పోయిండు.”

“ఎప్పుడు పోయిండు?”

“నాకెట్ల తెలుస్తది? నేను వచ్చేసరికే పోయి ఉన్నడు.”

ఇలాంటి చోట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: యాప్ పెడితే పోలా? సీటు బుక్ చేసుకోవాలి, నాలుగు గంటలే కూర్చోవాలి, పదిహేను నిమిషాల్లో రాకపోతే సీటు దానంతటదే ఖాళీ అయిపోవాలి. ఈ ఆలోచనలో తప్పేం లేదు. సింగపూర్ పబ్లిక్ లైబ్రరీల్లో ఫోన్ మీదే సీటు బుక్ చేసుకుంటారు. దక్షిణ కొరియా యూనివర్సిటీల్లో హాలు గుమ్మం దగ్గరే మిషన్ ఉంటుంది, కార్డు పెడితే సీటు నంబరు ఇస్తుంది, గడువు దగ్గరపడ్డాకే పొడిగించుకోనిస్తుంది. చైనాలో బుక్ చేసి రాని వాళ్లని కొన్నాళ్లు నిషేధిత జాబితాలో పెట్టే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.

మరి అఫ్జల్‌గంజ్‌లోనే వంద కుర్చీల హాలు ఒకటి ఉందనీ, దానికి ఈ యాప్ వచ్చేసిందనీ అనుకుందాం. ప్రారంభోత్సవం అయింది, రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. మొదటి రోజు ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం.

నలభై ఏడో నంబరు కుర్చీ. పది నుంచి రెండు దాకా ఒక గ్రూప్-2 అభ్యర్థి పేరున బుక్ అయింది. కుర్రాడు వచ్చాడు, బల్లమీద అంటించిన కోడ్ స్కాన్ చేశాడు, బుద్ధిగా చదివాడు. పన్నెండు యాభైకి ఆకలేసింది. యాప్‌లో ‘బ్రేక్’ నొక్కి, సంచి అక్కడే పెట్టి, ఐదు రూపాయల భోజనం క్యూలో నిలబడ్డాడు. బ్రేక్ ముప్పై నిమిషాలే. క్యూకి ఆ సంగతి తెలియదు. సరిగ్గా ఒంటిగంటా ఇరవైకి సీటు రిలీజ్ అయింది.

ఇప్పుడు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి మెసేజ్ వెళ్లింది. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో తన గదిలో పడుకుని, ఎందుకైనా మంచిదని లిస్టులో పేరు పెట్టినవాడు. వాడికి నియమం ప్రకారం పదిహేను నిమిషాలు ఇచ్చారు. రాలేదు. ఒంటిగంటా ముప్పై ఐదుకి రెండోవాడికి మెసేజ్. వాడికి అప్పటికే వేరే చోట సీటు దొరికింది, పేరు తీసేయడం మరిచిపోయాడు. మరో పదిహేను నిమిషాలు పోయాయి. ఒంటిగంటా యాభైకి మూడోవాడికి అవకాశం వచ్చింది. ఆ మూడోవాడు పొద్దుటి నుంచి మెట్లమీదే కూర్చుని ఉన్నాడు. వాడు పరుగున వచ్చి కూర్చుంటే రెండింటికి స్లాట్ అయిపోయింది. పది నిమిషాల సింహాసనం.

లెక్క చూడండి. పన్నెండు యాభై నుంచి ఒంటిగంటా యాభై దాకా, గంటసేపు, కుర్చీ ఖాళీగా ఉంది. అందులో సగం ఆకలి ఖాతాలోకి పోతే, మిగతా సగం యాప్ సొంత సంపాదన. ఖాళీ కుర్చీని అరికట్టడానికి వచ్చిన యంత్రం ఖాళీ కుర్చీని తయారు చేసింది. కొరియాలో మిషన్ని గుమ్మం దగ్గర పెట్టడంలో ఉన్న కిటుకు ఇదే: ఖాళీ అయిన సీటు ఎక్కడో ఫోన్ పట్టుకుని పడుకున్న వాడికి కాక, ఎదురుగా నిలబడ్డ వాడికి దక్కుతుంది. గడియారం కూడా వాడు కూర్చున్న నిమిషం నుంచే మొదలవుతుంది. మెట్లమీది మూడోవాడికి కావలసింది ఆ రెండు నియమాలే.

పనిలో పనిగా రెండో రోజు సంగతి. బల్లమీది కోడ్‌ని ఎవడో ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. దాంతో నారాయణగూడలో ఇడ్లీ తింటున్న వాడు కూడా అఫ్జల్‌గంజ్‌లో హాజరు వేయించుకుంటున్నాడు. అధికారులు తెలివిగా, కొద్ది సెకన్లకోసారి మారే కోడ్‌ని గుమ్మం దగ్గర స్క్రీన్ మీద పెట్టారు. మూడో రోజు ఒక కుర్రాడు నాలుగు జేబుల్లో నాలుగు ఫోన్లతో వచ్చాడు. ముగ్గురు స్నేహితులు నిద్రలో ఉన్నారు, వాళ్ల సీట్లు మెలకువగా ఉన్నాయి.

అలాంటప్పుడు మనుషుల్ని నమ్మకుండా బల్ల కింద సెన్సర్ పెడితే? లండన్‌లో యూసీఎల్ లైబ్రరీల్లో అలాంటివి ఉన్నాయి, ఏ గదిలో ఎన్ని సీట్లు ఖాళీయో చెబుతాయి. అదే లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక 2016 జనవరిలో తన ఉద్యోగుల బల్లల కింద అలాంటి పెట్టెలే బిగిస్తే, జర్నలిస్టులు గగ్గోలు పెట్టారు, ఒక్క రోజులోనే పీకేయాల్సి వచ్చింది. విద్యార్థికి అది సౌకర్యం, ఉద్యోగికి అది నిఘా. మన అభ్యర్థికి మాత్రం అది వెచ్చదనం చూసే కన్ను; కుర్చీలో మనిషి లేకపోయినా ఏదైనా వెచ్చటిది పెడితే ఏమంటుందో పరీక్షించడానికి చాయ్ ఫ్లాస్క్‌తో సిద్ధంగా ఉంటాడు.

ఇక ముప్పై నిమిషాల బ్రేక్. దాన్ని రాసినవాడు శుక్రవారం మధ్యాహ్నం ఈ వైపు వచ్చి ఉండడు. జుమ్మా నమాజుకి మక్కా మసీదు దాకా నదికి అవతల వెళ్లి, జనంలోంచి బయటపడి, తిరిగి వంతెన దాటేసరికి సీటు మూడు చేతులు మారి ఉంటుంది. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ సరేసరి. అందరికీ ఒకేసారి సీటు పోతే దాన్ని క్రమశిక్షణ అనలేం. రోజు మొత్తానికి గంటన్నర బ్రేక్ ఇచ్చి, ఎప్పుడు వాడుకుంటావో నీ ఇష్టం అంటే చాలు, భోజనం వాడికీ నమాజు వాడికీ సరిపోతుంది. అలా రాస్తే నియమం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఒక్క వాక్యానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎంతని బిల్లు వేస్తుంది?

అసలు ‘పరీక్షల సీజన్’ అనే మాటతోనే యాప్‌కి పెద్ద చిక్కు. సీజన్ అంటే ఒక మొదలూ ఒక చివరా ఉండాలి. తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ప్రిలిమ్స్ అక్టోబరు 16న రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. కుర్చీ వదిలి ముప్పై నిమిషాలు దాటితే అభ్యర్థి సీటు రద్దు. అభ్యర్థిని కూర్చోబెట్టి రెండున్నరేళ్లు తిప్పిన పరీక్షకి మాత్రం ఆటోమేటిక్ రిలీజ్ లేదు, బ్లాక్‌లిస్టూ లేదు.

ఇవన్నీ దాటుకుని యాప్ చక్కగా పనిచేసిందనుకుందాం. నలభై ఏడో నంబరు ఖాళీ అని తెరమీద పచ్చగా వెలిగింది. మెట్లమీది కుర్రాడు ఫోన్ చూపిస్తూ కుర్చీ దగ్గరికి వచ్చాడు. కుర్చీ మీద సంచి ఉంది. బల్లమీద రాజ్యాంగం ఉంది, పక్కన సగం తాగిన నీళ్ల సీసా ఉంది. తెర ఖాళీ అంటోంది, కళ్లు కాదంటున్నాయి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేసింది నంబరుని. సంచిని రిలీజ్ చేసేదెవరు?

జర్మనీలో చాలా యూనివర్సిటీ లైబ్రరీలు ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాయి. కారు పార్కింగ్‌లో పెట్టే అట్ట గడియారం లాంటిదాన్ని బల్లమీద పెట్టి, ముల్లుని బయటికి వెళ్లిన సమయానికి తిప్పి వెళ్లాలి. సాధారణంగా గంటదాకా గడువు. దాటితే ఎవరైనా సరే ఆ సామాను పక్కకి జరిపి కూర్చోవచ్చు. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. అక్కరున్నదల్లా సంచిని ముట్టుకునే హక్కు నీకుంది అని గోడమీద రాసిన ఒక్క మాట.

మన హాల్లో ఆ హక్కు కుర్రాడికి లేదు. వాడు వెళ్లి అటెండరుని పిలిచాడు. అటెండరు వచ్చి సంచిని చూశాడు, ఫోన్‌ని చూశాడు, మళ్లీ సంచిని చూశాడు.

“నేను ముట్టుకోను బిడ్డా. రేపొచ్చి అండ్ల చార్జర్ ఉండె, పైసలుండె అంటడు. లేని పైసలు నా జీతంల కట్ చేస్తరు.”

“మరి యాప్‌ల నాదని వచ్చింది కద సార్?”

“వచ్చింది. గా యాప్‌నే పిలువు, వచ్చి సంచి తీస్తది.”

అటెండరు మాటలో ఒక డిమాండు దాగి ఉంది, అదేమంత ఖరీదైనదీ కాదు. గుమ్మం పక్కన నంబర్లు వేసిన ఒక ఇనుప ర్యాకు. గడువు దాటిన సామానుని ఇద్దరు సాక్షుల ఎదుట అందులో పెట్టి, టైము, సీటు నంబరు రాసుకునే ఒక రిజిస్టరు. పోయిన చార్జర్లకు బాధ్యత లైబ్రరీది కాదనే ఒక సర్క్యులర్, దానికింద పై అధికారి సంతకం. ఈ మూడూ ఉంటే యాప్ ఆగిపోయిన రోజు కూడా కుర్చీ ఖాళీ అవుతుంది. ఇవి లేకపోతే యాప్ నడుస్తున్న రోజు కూడా అవదు.

అందుకని మన ఊహా హాలు ఇన్‌చార్జి ర్యాకు కోసం పైకి రాశాడు. జవాబు చురుగ్గానే వచ్చింది. యాప్‌కి, సర్వరుకి, గోడమీది పెద్ద తెరకి నిధులు డిజిటల్ పద్దు కింద మంజూరయ్యాయట. ర్యాకు ఫర్నిచర్ పద్దు కిందికి వస్తుందట. ఫర్నిచర్ కొనాలంటే ముందు హాల్లో ఎన్ని కుర్చీలు వాడుకలో ఉన్నాయో నివేదిక పంపాలట. ఇన్‌చార్జి వెంటనే యాప్ తెరిచి చూశాడు. వంద కుర్చీలకు అరవై రెండు ఖాళీ అని చూపిస్తోంది. హాల్లో నిలబడటానికి కూడా చోటు లేదు.