బెండకాయలకు అభ్యంగన స్నానం

మా వదిన వంటింట్లో ఇప్పుడు గిన్నెల కన్నా బేసిన్లే ఎక్కువ. ఒకదాంట్లో ఉప్పునీళ్లు, ఒకదాంట్లో వెనిగర్, ఒకదాంట్లో వంటసోడా. ఫోన్లో ఎవరో పంపిన వీడియో మహిమ. పొద్దున కొన్న బెండకాయలు పొయ్యి మీదకెక్కేసరికి మధ్యాహ్నం దాటుతోంది. ‘‘మరి పురుగుమందు పోవద్దేటి?’’ అంటుంది. ఆకలి మాత్రం పోవడం లేదు.

సోడాకి ఆధారం ఉంది, ఒప్పుకోవాలి. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంవాళ్లు యాపిల్ పళ్లకు రెండు మందులు పూసి చూశారు. లీటరు నీళ్లకు పది గ్రాములు, అంటే రెండు చెంచాల సోడా కలిపి నానబెడితే తొక్క మీది మందు పోయింది. ఒకటి పోవడానికి పన్నెండు నిమిషాలు, రెండోది పోవడానికి పదిహేను పట్టింది. క్షారంలో కొన్ని మందులు విరిగిపోతాయి. వెనిగర్ పులుపుకి ఆ గుణం లేదు, కాలీఫ్లవర్‌కి ఊరగాయ వాసన మాత్రం పడుతుంది. ఉప్పు కోసం వెతికితే, పూలలో దాక్కున్న పురుగు బయటికి రావడం తప్ప నాకు పెద్ద లాభం కనబడలేదు.

ఇక కుళాయి ధార. కనెటికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రంవాళ్లు పన్నెండు మందులు పరీక్షిస్తే, ఉత్త నీళ్లకే తొమ్మిది తగ్గాయి. మందు నీటిలో కరుగుతుందా లేదా అన్నది కాదు, ధార ఒరిపిడీ చేతి రుద్దుడే పనిచేస్తాయట. బాగానే ఉంది. కానీ మా వీధిలో ధార అంటే ఏమిటో వాళ్లకి తెలియదు. ముందు కుళాయి ఒక నిట్టూర్పు విడుస్తుంది. తరవాత దగ్గుతుంది. ఆపైన ఎర్రనీళ్లు. అవి తేరేలోగా డ్రమ్ములు, బిందెలు, పక్కింటి పాల క్యాను వరసకట్టేస్తాయి. ధార కాస్త బలం పుంజుకోగానే ఎవరో మోటారు వేస్తారు. అప్పుడు బెండకాయ పట్టుకుని ‘‘కాస్త జరగండమ్మా, దీన్ని అరనిమిషం రుద్దాలి’’ అంటే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. చెంబుతో పోస్తూ రుద్దుకోవడమే మనకి గతి.

ఇన్ని చేసినా, ఆ యాపిల్ పళ్లలో ఒక మందు ఐదోవంతు అప్పటికే లోపలికి దిగిపోయింది. దాన్ని ఏ బేసినూ కడగలేదు. మొక్క రసంలోకే ఎక్కే మందులైతే చెప్పనే అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం నవ్వు రానివ్వదు. మనం కాయకి పావుగంట స్నానం చేయిస్తాం. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఎదురుగాలిలో మందు కొట్టినవాడు అదే చొక్కాతో ఇంటికెళ్లి పిల్లని ఎత్తుకుంటాడు.

మా వదినకి నా తీర్పు ఇది: వెనిగర్ సీసా అటకెక్కించండి. బెండ, వంకాయ, ద్రాక్షలకు ఓపికుంటే సోడా, తరవాత మంచినీళ్లు. లంబసింగి స్ట్రాబెర్రీని, తోటకూరని నానబెట్టొద్దు, మెత్తబడిపోతాయి. మిగతా వాటికి నీళ్లూ చేతులూ చాలు. భోజనం మాత్రం ఒంటిగంటకే పెట్టండి.